హోటల్ టీవీలో ఓటీటీ లాగిన్: రూమ్ ఖాళీ చేసినా మన అకౌంట్ అక్కడే ఉండిపోకూడదంటే ఏం చేయాలి?

ఊరెళ్లినప్పుడు హోటల్ రూమ్‌లోనో, రెండు రోజులకు అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లోనో గోడకు పెద్ద స్మార్ట్ టీవీ కనిపిస్తే చేయి ఊరుకోదు. రాత్రి భోజనం అయ్యాక అందరూ కలిసి ఓ సినిమా చూద్దామంటారు, ఎవరో ఒకరు తమ నెట్‌ఫ్లిక్స్‌తో లాగిన్ అవుతారు. లాగిన్ అవడానికి రెండు నిమిషాలు పడుతుంది. లాగౌట్ సంగతి మాత్రం రైలెక్కాక గుర్తొస్తుంది.

గ్యాడ్జెట్ రివ్యూల పని మీద తిరుగుతుంటాను కాబట్టి నాకు ఇలాంటి టీవీలు చాలా తగిలాయి. ఆన్ చేయగానే ముక్కూమొహం తెలియని వాళ్ల ప్రొఫైల్స్ వరుసగా కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. అమ్మ, నాన్న, చిన్నూ, కిడ్స్ అని పేర్లు. వాళ్లు ఏ సిరీస్ ఎక్కడ ఆపారో కూడా తెలిసిపోతుంది. వాళ్లలో చాలామంది టీవీ ఆఫ్ చేస్తే పని అయిపోయిందనుకుని ఉంటారు. అలా ఎందుకు అయిపోదో, నిజంగా బయటికి రావాలంటే ఏ వరుసలో ఏం చేయాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

టీవీలో ఉండిపోయేది పాస్‌వర్డ్ కాదు, పాస్

కాలేజీ రోజుల్లో బస్ పాస్ తీసుకున్నారు కదా. కౌంటర్ దగ్గర ఒక్కసారి సర్టిఫికెట్లన్నీ చూపిస్తాం, పాస్ చేతికొస్తుంది. ఆ తర్వాత బస్సెక్కిన ప్రతిసారీ సర్టిఫికెట్లు ఎవరూ అడగరు, పాస్ చూపిస్తే చాలు. స్మార్ట్ టీవీలో లాగిన్ కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. మీరెవరో సర్వర్ ఒక్కసారి నిర్ధారించుకుంటుంది, టీవీలోని యాప్‌కి ఒక టోకెన్ ఇస్తుంది. యాప్ దాన్ని టీవీ స్టోరేజ్‌లో దాచుకుని, తెరిచిన ప్రతిసారీ సర్వర్‌కి చూపిస్తుంది. ఒక్కటే తేడా, ఈ పాస్ మీద మీ ఫోటో ఉండదు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే పాస్ వాళ్లదే.

ఇది అర్థమైతే మిగతా విషయాలన్నీ వాటంతటవే తేలిపోతాయి. హోమ్ బటన్ నొక్కినా, టీవీ ఆపేసినా, ప్లగ్ పీకేసినా టోకెన్ స్టోరేజ్‌లోనే ఉంటుంది. ప్రొఫైల్ మార్చినా అంతే, అకౌంట్ అదే, లోపల పేరు మాత్రమే మారుతుంది. లాగౌట్‌కి నిజానికి రెండు కొసలు ఉంటాయి. ఒకటి టీవీలో ఉన్న పాస్. రెండోది సర్వర్ దగ్గరి రిజిస్టర్‌లో ఆ పాస్‌కి సంబంధించిన ఎంట్రీ. యాప్‌లో సక్రమంగా `Sign out` నొక్కితే రెండూ పోతాయి. యాప్ డేటా చెరిపేస్తే టీవీలోని పాస్ పోతుంది, రిజిస్టర్‌లో ఎంట్రీ మాత్రం ఉండిపోవచ్చు. ఫోన్ నుంచి తీసేస్తే రిజిస్టర్‌లో ఎంట్రీ రద్దవుతుంది, టీవీ మళ్లీ సర్వర్‌ని పలకరించినప్పుడు అక్కడి పాస్ చెల్లదని తేలుతుంది. ఫోన్ నుంచి లాగౌట్ కొట్టిన వెంటనే టీవీలో ఏమీ మారనట్టు కనిపించడానికి కారణం ఇదే.

లాగిన్‌కి ముందు: అసలు లాగిన్ అవసరమా?

ముందు టీవీ ఏ రకమో చూడండి. కొన్ని పెద్ద హోటళ్లలో ఆన్ చేయగానే రూమ్ నంబర్‌తో స్వాగతం స్క్రీన్, దాని మీద కాస్టింగ్ కోసం ఒక క్యూఆర్ కోడ్ వస్తాయి. అతిథుల కోసమే పెట్టిన ఏర్పాటు ఇది. ఫోన్‌ని ఆ రూమ్ టీవీకి మాత్రమే జత చేస్తుంది, చెక్-అవుట్ అయ్యాక ఆ జత తెగిపోయేలా రూపొందించారు. కొన్ని హోటళ్లలో ఎల్‌జీ టీవీల మీద ఆపిల్ ఎయిర్‌ప్లే కూడా 2024 నుంచి ఇలాగే అందుబాటులోకి వచ్చింది. మీ రూమ్‌లో ఇలాంటిది ఉంటే, మీరు వాడే యాప్ దాన్ని సపోర్ట్ చేస్తే, టీవీలో లాగిన్ జోలికి వెళ్లకండి.

మన దగ్గర అద్దె ఫ్లాట్లలో, చిన్న హోటళ్లలో ఉండేవి మాత్రం ఇంట్లో వాడే మామూలు గూగుల్ టీవీలు, ఆండ్రాయిడ్ టీవీలే. వాటికి అతిథి మారాడన్న సంగతే తెలియదు. మనం చెరిపేదాకా ఏదీ చెరగదు. ఈ ఆర్టికల్‌లో మిగతాదంతా ఈ టీవీల గురించే.

పాస్‌వర్డ్ టైప్ చేయొద్దు, కోడ్ వాడండి

రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టడం విసుగే కాదు, గదిలో ఉన్న అందరికీ చూపిస్తూ కొట్టడం కూడా. ఇప్పుడు దాదాపు అన్ని యాప్‌లూ టీవీ స్క్రీన్ మీద ఒక కోడ్ చూపిస్తాయి. దాన్ని ఫోన్‌లో ఎంటర్ చేస్తే టీవీలో లాగిన్ అయిపోతుంది. ఈ పద్ధతికి 2019లో వచ్చిన ఒక ఓపెన్ స్టాండర్డ్ కూడా ఉంది, దాని పేరు ఆర్‌ఎఫ్‌సీ 8628. ఇందులో పాస్‌వర్డ్ మీ ఫోన్ దాటి బయటికి రాదు. టీవీకి అందేది టోకెన్ మాత్రమే.

కోడ్ ఎంటర్ చేయాల్సిన అడ్రస్‌లు ఇవి:

```
netflix.com/tv8
primevideo.com/mytv
youtube.com/activate
```

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, ఈ అడ్రస్ మీరే ఫోన్ బ్రౌజర్‌లో టైప్ చేయండి, లేదా టీవీ యాప్ స్క్రీన్ మీద వచ్చిన క్యూఆర్‌నే స్కాన్ చేయండి. టీవీ పక్కన గోడకి ‘ఓటీటీ లాగిన్ కోసం స్కాన్ చేయండి’ అని ఎవరో అంటించిన కాగితం ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. అది ఏ సైట్‌కి తీసుకెళ్తుందో మీకు తెలియదు. రెండోది, మీ కళ్ల ముందున్న స్క్రీన్ మీద కనిపించిన కోడ్ తప్ప వేరే ఏ కోడ్‌నూ ఎంటర్ చేయొద్దు. వాట్సాప్‌లోనో, ఫోన్ కాల్‌లోనో ఎవరైనా కోడ్ ఇచ్చి ‘ఇది కొట్టండి సార్’ అంటే, మీరు లాగిన్ చేసేది వాళ్ల టీవీని.

నెట్‌ఫ్లిక్స్‌లో ఈ బటన్ మాత్రం నొక్కకండి

అకౌంట్ షేరింగ్ మీద నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో మన దేశంలోనూ ఆంక్షలు పెట్టింది. అప్పటి నుంచి ఒక అకౌంట్‌కి ఒక ఇల్లు, దాన్నే హౌస్‌హోల్డ్ అంటోంది. హోటల్ టీవీలో లాగిన్ అయినప్పుడు, ఈ టీవీ మీ హౌస్‌హోల్డ్‌లో లేదని మెసేజ్ రావచ్చు. కింద రెండు రకాల ఆప్షన్లు కనిపిస్తాయి. ఒకటి `Update Netflix Household`. ఇంకోటి `Watch Temporarily`, కొన్నిచోట్ల ఇదే `I'm Traveling` అని ఉంటుంది.

తొందరలో చాలామంది పైదే నొక్కేస్తారు. అలా చేసి వచ్చిన లింకు కూడా ఓకే చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మీ అకౌంట్‌కి ఆ హోటల్ గదే ఇల్లు అవుతుంది. ఇంట్లో అమ్మానాన్నలు చూసే టీవీ ‘హౌస్‌హోల్డ్‌లో లేదు’ అనిపించుకోవచ్చు. మీరు ఎంచుకోవాల్సింది `Watch Temporarily`. అది నొక్కితే అకౌంట్‌కి ఉన్న ఈమెయిల్‌కి లేదా ఫోన్ నంబర్‌కి ఒక కోడ్ వెళ్తుంది, 15 నిమిషాల్లో టీవీలో ఎంటర్ చేయాలి. అకౌంట్ నాన్న పేరు మీదో, అన్నయ్య పేరు మీదో ఉంటే ఆ కోడ్ వాళ్లకే పోతుంది. కాబట్టి వాళ్లు పడుకోకముందే ఈ పని పెట్టుకోండి.

గూగుల్ అకౌంట్ సంగతి వేరు

నెట్‌ఫ్లిక్స్ లాగిన్ నెట్‌ఫ్లిక్స్ యాప్‌కే పరిమితం. గూగుల్ అకౌంట్ అలా కాదు. ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీల్లో యూట్యూబ్‌లో సైన్ ఇన్ అయితే అది కొన్నిసార్లు యూట్యూబ్‌కే ఉంటుంది, కొన్నిసార్లు టీవీ మొత్తానికి అకౌంట్‌గా చేరిపోతుంది. ప్లే స్టోర్ కోసం సైన్ ఇన్ అయితే మాత్రం అది టీవీ మొత్తానికే. అలా చేరాక యూట్యూబ్‌లో లాగౌట్ అయినా, సిస్టమ్‌లో అకౌంట్ ఉండిపోతుంది. ప్లే స్టోర్ మీ పేరుతోనే తెరుచుకుంటుంది, హోమ్ స్క్రీన్ రికమెండేషన్లు మీవే వస్తాయి.

నా మాట అడిగితే, ఇంటి బయట టీవీలో గూగుల్ అకౌంట్ పెట్టనే పెట్టొద్దు. యూట్యూబ్ చూడటానికి అది అక్కర్లేదు. సైన్ ఇన్ లేకుండా గెస్ట్‌గా చూడొచ్చు. మీ ఫోన్ నుంచే వీడియోలు పంపాలంటే, టీవీలో యూట్యూబ్ సెట్టింగ్స్‌లో `Link with TV code` తెరవండి, 12 అంకెల కోడ్ వస్తుంది. ఫోన్ యూట్యూబ్ సెట్టింగ్స్‌లో `Watch on TV` కింద ఆ కోడ్ కొడితే చాలు. మీ అకౌంట్ ఫోన్‌లోనే ఉంటుంది, టీవీ కేవలం మీరు పంపిన వీడియో ప్లే చేస్తుంది.

చెక్-అవుట్ రోజు: ఒక ఉదాహరణ

విశాఖలో రుషికొండ దగ్గర రెండు రాత్రులకు ఫ్లాట్ తీసుకున్న ముగ్గురు ఫ్రెండ్స్‌ని తీసుకుందాం. గూగుల్ టీవీ ఉంది. ఒకరి నెట్‌ఫ్లిక్స్, ఇంకొకరి ప్రైమ్ వీడియో టీవీలో లాగిన్ అయ్యాయి. మూడో అతను ఒక యాప్ డౌన్‌లోడ్ కోసం ప్లే స్టోర్‌లో తన జీమెయిల్ పెట్టాడు. ఉదయం పదకొండుకి ఖాళీ చేయాలి. పని తొమ్మిదిన్నరకే మొదలుపెట్టాలి. క్యాబ్ కింద హారన్ కొడుతుంటే రిమోట్‌తో ఈ పనులు అవ్వవు.

మొదట నెట్‌ఫ్లిక్స్. యాప్ మెనూలోకి వెళ్తే `Get Help` ఉంటుంది, దానిలో `Sign out`. మెనూ దొరక్కపోయినా, యాప్ ఎర్రర్ దగ్గర ఇరుక్కుపోయినా రిమోట్ యారో బటన్లతో ఒక దారి ఉంది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తర్వాత నాలుగుసార్లు పైకి. ఇలా నొక్కితే లాగౌట్ ఆప్షన్ ఉన్న స్క్రీన్ వస్తుంది.

తర్వాత ప్రైమ్ వీడియో. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సైన్ అవుట్ చేయాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రైమ్ వీడియోలో రెంట్‌కి తీసుకునే సినిమాలు ఉంటాయి, పేమెంట్ మీ అమెజాన్ అకౌంట్ నుంచే వెళ్తుంది. ఇంకో సంగతి, 2025 జనవరి నుంచి మన దేశంలో ప్రైమ్ మెంబర్‌షిప్‌కి ఐదు డివైజ్‌లు, వాటిలో టీవీలు రెండే అని అమెజాన్ పరిమితి పెట్టింది. మర్చిపోయిన ఫ్లాట్ టీవీ ఆ రెండింటిలో ఒకటి ఆక్రమిస్తుంది. ఇంటికెళ్లాక హాల్లో టీవీ, బెడ్‌రూమ్ టీవీ రెండూ వాడే వాళ్లకి అసలు సమస్య అప్పుడు మొదలవుతుంది.

మూడోది గూగుల్ అకౌంట్. టీవీ సెట్టింగ్స్‌లో `Accounts & sign-in` తెరవాలి. అక్కడ కనీసం రెండు అకౌంట్లు కనిపించొచ్చు, ఒకటి ఫ్లాట్ ఓనర్‌ది. కంగారులో దాన్ని తీసేయకండి. మన అకౌంట్ ఎంచుకుని `Remove` నొక్కాలి.

ఏదైనా యాప్‌లో సైన్ అవుట్ ఎక్కడుందో ఎంతకీ దొరక్కపోతే టీవీ సెట్టింగ్స్‌లో యాప్స్ విభాగానికి వెళ్లి, ఆ యాప్ ఎంచుకుని `Clear data` చేయండి. టీవీలో దాచుకున్న పాస్ చెరిగిపోతుంది. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం చేయొద్దు. ఓనర్ అకౌంట్, వైఫై, సెట్టింగ్స్ అన్నీ పోతాయి. మన భద్రత కోసం వాళ్లకి అరరోజు పని పెట్టడం న్యాయం కాదు.

అన్నీ అయ్యాక ఒక చిన్న పరీక్ష. టీవీ ఆపి మళ్లీ ఆన్ చేసి, ఒక్కో యాప్ తెరవండి. సైన్ ఇన్ చేయమని అడిగే స్క్రీన్ వస్తే మీరు బయటికి వచ్చినట్టు. ‘ఎవరు చూస్తున్నారు?’ అని ప్రొఫైల్స్ కనిపిస్తే మీరింకా లోపలే ఉన్నారు.

ఫోన్‌లో రెండో కొస

ఇప్పుడు సర్వర్ దగ్గరి రిజిస్టర్ చూద్దాం. గది తాళం ఇచ్చేశాక క్యాబ్‌లో కూర్చునైనా ఇది చేయొచ్చు. టీవీ దగ్గర లాగౌట్ మర్చిపోయిన వాళ్లకి మిగిలిన దారి కూడా ఇదే.

నెట్‌ఫ్లిక్స్‌లో అకౌంట్ పేజీ తెరిచి `Manage access and devices` లోకి వెళ్లండి. ఈ మధ్య వాడిన డివైజ్‌ల లిస్ట్ వస్తుంది. ఏ రకం డివైజ్, ఎప్పుడు వాడారు, సుమారుగా ఎక్కడ అని ఉంటుంది. ఊరు పేరుని గుడ్డిగా నమ్మకండి. అది ఐపీ అడ్రస్‌ని బట్టి వేసిన అంచనా. విశాఖలో చూసినది హైదరాబాద్ అని పడొచ్చు. డివైజ్ రకం, చివరగా చూసిన సమయం కలిపి చూస్తే మీ హోటల్ టీవీ ఏదో తేలుతుంది. అందుకే లాగిన్ అయిన రోజే టీవీ బ్రాండ్, మోడల్ కనిపించేలా ఒక ఫోటో తీసి పెట్టుకోమంటాను. ఇంట్లోనూ అదే బ్రాండ్ టీవీ ఉంటే అప్పుడు ఆ ఫోటో విలువ తెలుస్తుంది. ఆ ఒక్క డివైజ్‌నే సైన్ అవుట్ చేయండి. అన్ని డివైజ్‌లనూ ఒకేసారి లాగౌట్ చేసే ఆప్షన్ కూడా ఉంది కానీ, అది నొక్కితే ఇంట్లో అందరూ బయటికొచ్చేస్తారు. సాయంత్రం సీరియల్ టైమ్‌కి అమ్మ నుంచి ఫోన్ ఖాయం.

ప్రైమ్ వీడియోలో వెబ్‌సైట్ సెట్టింగ్స్‌లో `Your Devices` ఉంటుంది, అక్కడ ఆ టీవీ పక్కన `Deregister` నొక్కాలి.

గూగుల్‌కి రెండు చోట్ల చూడాలి. టీవీ మొత్తానికి అకౌంట్ చేర్చి ఉంటే మొదటి పేజీలో ఆ డివైజ్ కనిపిస్తుంది, అక్కడ సైన్ అవుట్ చేయాలి. యూట్యూబ్ యాప్‌లో కోడ్‌తో లాగిన్ అయి ఉంటే అది రెండో పేజీలో, మీరు అనుమతి ఇచ్చిన యాప్‌ల కింద, `YouTube on TV` అన్న పేరుతో ఉంటుంది.

```
myaccount.google.com/device-activity
myaccount.google.com/permissions
```

రెండో పేజీలో అనుమతి తీసేస్తే అలా లాగిన్ అయిన టీవీలన్నిట్లోనూ, ఇంటి టీవీతో సహా, లాగౌట్ అవుతుంది. ఇంటికెళ్లాక మళ్లీ ఒకసారి కోడ్ కొట్టుకోవాలి, అంతే.

పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోదా?

అన్నిసార్లూ సరిపోదు. పాస్‌వర్డ్ అన్నది కౌంటర్ దగ్గర చూపించే సర్టిఫికెట్ లాంటిది. సర్టిఫికెట్ మారినంత మాత్రాన ముందే ఇచ్చిన పాస్ తనంతట తాను రద్దయిపోదు, దాన్ని కూడా రద్దు చేయమని చెప్పాలి. నెట్‌ఫ్లిక్స్‌లో పాస్‌వర్డ్ మార్చేటప్పుడు అన్ని డివైజ్‌లూ సైన్ అవుట్ అవ్వాలా అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది. టిక్ పెడితేనే ఆ పని జరుగుతుంది. గూగుల్‌లో పాస్‌వర్డ్ మారిస్తే చాలా చోట్ల లాగౌట్ అవుతుంది కానీ, మీరు అనుమతి ఇచ్చిన యాప్‌లు ఉన్న కొన్ని డివైజ్‌లకు మినహాయింపు ఉందని గూగుల్ తన హెల్ప్ పేజీలోనే చెబుతోంది. కాబట్టి ముందు డివైజ్ లిస్ట్‌లోంచి టీవీని తీసేయండి. పాస్‌వర్డ్‌ని రిమోట్‌తో టైప్ చేసి ఉంటే, తెలియని సైట్‌లో కొట్టి ఉంటే మాత్రం అది కూడా మార్చండి.

మర్నాడు ఇంకోసారి లిస్ట్ తెరిచి చూడండి. ఆ టీవీ మళ్లీ కనిపించకపోతే, మీరు చూడని సినిమాలు హిస్టరీలో చేరకపోతే పని అయిపోయినట్టే.

టీవీలో వేరేవాళ్ల అకౌంట్ కనిపిస్తే?

టీవీ ఆన్ చేయగానే ముందు అతిథి అకౌంట్ తెరుచుకుని ఉంటే, ‘ఫ్రీగా దొరికింది కదా’ అని ప్లే నొక్కకండి. మీరు చూసేదంతా వాళ్ల హిస్టరీలోకి వెళ్తుంది. వాళ్ల ప్లాన్‌లో ఒక స్క్రీన్ తగ్గిపోతుంది, ఆ టైమ్‌లో వాళ్లింట్లో ఎవరికో ‘ఎక్కువ మంది చూస్తున్నారు’ అని ఎర్రర్ వస్తుంది. అది ఫ్లాట్ ఓనర్ అతిథుల కోసం పెట్టిన అకౌంటా అని ఒక మెసేజ్ పెట్టి అడగండి. కాదంటే, పైన చెప్పినట్టే `Get Help` లోకి వెళ్లి వాళ్ల తరఫున మీరే `Sign out` కొట్టేయండి. ఆ తర్వాతే మీ కోడ్ తీసుకోండి.